మూడు రెండుతో మనదే: బ్యాడ్మింటన్ ఫైనల్ గెలిచిన రోజు పెట్టాల్సిన పోస్టులు

సార్, పోస్టులన్నీ రాసేశాను. ఏది ఎక్కడ పెట్టాలో పైన రాశాను, కింద ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి పెట్టేయొచ్చు. పిల్లల పేర్లు క్యాప్షన్లలో రాయలేదు. సగం మంది పదిహేనేళ్ల లోపు వాళ్లే, ఊరూ పేరూ కలిపి పబ్లిక్ పేజీలో పెట్టొద్దని ఇంటివాళ్లు అడిగారు కదా. అకాడమీలో ఎలాగూ అందరినీ ఊరి పేరుతోనే పిలుచుకుంటాం, ఇక్కడా అలాగే రాశాను. దేన్నైనా కుదించండి గానీ ఓడిన రెండు మ్యాచ్‌ల వాళ్ల గురించి రాసిన లైన్లు మాత్రం తీయొద్దు.

ఇన్‌స్టా మొదటి పోస్టు, కప్పుతో టీమ్ అంతా ఉన్న ఫొటో, ఈ రాత్రికే

గెలిచాం! 🏆
వైజాగ్‌లో క్లబ్బుల టీమ్ ఫైనల్. మూడు రెండుతో కప్పు విజయనగరం వచ్చేసింది.
ఫొటోలో కప్పు పట్టుకున్నవాళ్లు ఇద్దరే కనిపిస్తున్నారు, వెనక వరుసలో నిలబడ్డ ప్రతి ఒక్కరి చేయీ దాని మీద ఉంది. ఆడినవాళ్లు, ఆడడానికి సిద్ధంగా కూర్చున్నవాళ్లు, కోర్టు తుడిచినవాళ్లు, పొద్దున్నే ఐదింటికి టిఫిన్ డబ్బాలు కట్టిచ్చిన అమ్మలు, అందరికీ కంగ్రాట్స్!
#విజయనగరం #బ్యాడ్మింటన్ #మనటీమ్ #Vizianagaram

వాట్సాప్ స్టేటస్‌లు, తల్లిదండ్రుల గ్రూపుకి కూడా ఇవే

మన గుంటలు గెలిచీసినారు! 🏸

మూడు రెండు. ఆఖరి మ్యాచ్, ఆఖరి గేమ్, 22-20. ఇంకా చేతులు వణుకుతున్నాయి.

కాంప్లెక్స్ దగ్గర రాత్రి తొమ్మిదిన్నరకి దిగుతాం. వచ్చేవాళ్లు రండి, దండలు వద్దు, అరటిపళ్లు తెండి, పిల్లలకి ఆకలి.

ఫేస్‌బుక్ పోస్టు, పెద్దది, రేపు ఉదయం

నిన్నటి ఫైనల్ గురించి అందరూ అడుగుతున్నారు, మొత్తం చెప్తాం, కాస్త పెద్దదే అవుతుంది, చదవండి.

టీమ్ పోటీ అంటే ఐదు మ్యాచ్‌లు. అబ్బాయిల సింగిల్స్, అమ్మాయిల సింగిల్స్, అబ్బాయిల డబుల్స్, అమ్మాయిల డబుల్స్, చివర్లో మిక్స్‌డ్. ఇందులో మూడు ఎవరు గెలిస్తే వాళ్లదే కప్పు.

మొదట బొబ్బిలి అబ్బాయి దిగాడు. 21-17, 21-15. మొదటి గేమ్‌లో ఎనిమిది పాయింట్ల దాకా షటిల్ ఎటు డ్రిఫ్ట్ అవుతోందో అర్థం కాలేదు, ఆ హాల్లో ఒక వైపు నుంచి గాలి తోస్తోంది. తర్వాత క్లియర్లు కాస్త లోపలికే కొట్టడం మొదలుపెట్టాడు, అక్కణ్ణుంచి ఆట వాడి చేతిలోకి వచ్చింది.

రెండోది చీపురుపల్లి అమ్మాయి సింగిల్స్. 18-21, 21-19, 17-21. స్కోరు చూస్తే ఓటమి. చూసినవాళ్లని అడగండి. మూడో గేమ్‌లో 9-17 దగ్గర ఎవరైనా చేతులెత్తేస్తారు, ఆ అమ్మాయి ఒక్కో ర్యాలీ లాక్కుంటూ లాక్కుంటూ 16-17 దాకా తెచ్చింది. ఇంకో సంగతి, బొబ్బిలి అబ్బాయి మళ్లీ మిక్స్‌డ్ ఆడాలి. ఈ అమ్మాయి గంటకు పైగా కోర్టులో నిలబడబట్టే వాడి కాళ్లు తేరుకున్నాయి. ఆ గంట మాకు ఎంత పనికొచ్చిందో చివర్లో తెలిసింది.

మూడోది అబ్బాయిల డబుల్స్. గజపతినగరం, ఎస్.కోట జోడీ. 19-21, 20-22. అవతలివాళ్లు వయసులోనూ అనుభవంలోనూ పెద్దవాళ్లు. రెండు గేమ్‌లూ రెండేసి పాయింట్ల తేడాతోనే పోయాయి. కోర్టు దిగగానే ఇద్దరూ బ్యాగులు కింద పడేసి నేరుగా అమ్మాయిల డబుల్స్ కోర్టు పక్కకి వెళ్లి నిలబడ్డారు, చివరి దాకా గొంతు పోయేలా అరిచారు. ఇవాళ ఇద్దరికీ మాట రావట్లేదు.

నాలుగోది, ఓడితే ఇంటికే అనుకున్న మ్యాచ్. కొత్తవలస అక్కాచెల్లెళ్లు 21-14, 22-20తో లాగేశారు. చెల్లి నెట్ దగ్గర, అక్క వెనక, ఒకరినొకరు చూసుకోకుండానే జాగాలు మారుతుంటే హాల్లో అవతలి టీమ్ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

రెండు రెండు. ఇక మిక్స్‌డ్. బొబ్బిలి అబ్బాయి, నెల్లిమర్ల అమ్మాయి. మొదటి గేమ్ 21-18 మనది, రెండోది 16-21 వాళ్లది. ఆ రెండో గేమ్‌లో మన అమ్మాయి సర్వీస్ ఎత్తు 1.15 మీటర్లు దాటిందని రెండుసార్లు ఫాల్ట్ ఇచ్చారు. అలాంటప్పుడు చిన్నపిల్ల బెదిరిపోతుంది, తర్వాత ప్రతి సర్వీసూ భయంభయంగా వేస్తుంది. గేమ్‌ల మధ్య దొరికే రెండు నిమిషాల్లో సార్ ఒక్క మాటే చెప్పారు, "రాకెట్ నడుం దగ్గరికి దించమ్మా, మిగతాది నీకు వచ్చు." మూడో గేమ్‌లో ఒక్క ఫాల్ట్ పడలేదు. 20-20 దగ్గర స్మాష్ బాబుది, 21-20 దగ్గర షార్ట్ సర్వీస్ అమ్మాయిది, అవతలి నుంచి లిఫ్ట్ సరిగ్గా లేవలేదు, వాడు కొట్టాడు, తిరిగొచ్చింది, నెట్ మీద ఈ పిల్ల తట్టేసింది. అంతే, 22-20.

అవతలి టీమ్ వాళ్లు గొప్పగా ఆడారు. ఆట అవ్వగానే వచ్చి మన పిల్లలందరినీ దగ్గరికి తీసుకున్నారు. మళ్లీ కలుద్దాం, ఈసారి విజయనగరం రండి, భోజనం మాది.
#విజయనగరం #బ్యాడ్మింటన్ #ఉత్తరాంధ్ర #టీమ్‌గేమ్ #Badminton

రీల్, చివరి పాయింట్ వీడియో, పదిహేను సెకన్లు

21-20. షార్ట్ సర్వీస్. ఇక మీరే చూడండి. 🔊 సౌండ్ పెట్టుకోండి, ఆ అరుపులు గజపతినగరం, ఎస్.కోట వాళ్లవి.
#బ్యాడ్మింటన్ #మిక్స్‌డ్‌డబుల్స్ #విజయనగరం

ఇన్‌స్టా రెండో పోస్టు, బెంచీ మీద కూర్చున్న పిల్లల ఫొటో, ఎల్లుండి

ఈ ఫొటోలో ఉన్నవాళ్లెవరూ ఫైనల్లో ఆడలేదు. వీళ్లు లేకపోతే ఫైనల్ లేదు.

ఎడమ చివర గరివిడి అబ్బాయి. వాడిది ఎడమచేతి ఆట. ఫైనల్లో ఎదురయ్యే మిక్స్‌డ్ జోడీలో కూడా ఒకరు ఎడమచేతి వాటం అని తెలిశాక, నాలుగు రోజులు సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక ఇంటికి వెళ్లకుండా ఆగిపోయి, మన జోడీకి ఎదురుగా నిలబడి సర్వీసులు, డ్రైవ్‌లు కొడుతూనే ఉన్నాడు. వాడికి టీమ్‌లో చోటు రాలేదని తెలిసిన తర్వాతే ఇదంతా. ఆఖరి గేమ్‌లో ఎడమచేతి నుంచి వచ్చే సర్వీసుని మన అమ్మాయి అంత తేలిగ్గా తీసిందంటే అది వాడి కష్టం.

పక్కన ఉన్న ముగ్గురు చిన్నవాళ్లు మల్టీషటిల్ డ్రిల్‌లో షటిల్స్ అందించేవాళ్లు. ఒక్కో షటిల్‌కి పదహారు ఈకలు, ఒక్క ఈక విరిగినా గాల్లో ఊగిపోతుంది. విరిగినవి ఏరి పక్కన పెట్టి, బాగున్నవి పెద్దవాళ్లకి ఇచ్చి, ఆ విరిగినవాటితోనే వీళ్లు ఆడుకున్నారు. ఈ నెల మంచి షటిల్ ఒక్కటి కూడా వీళ్ల వంతుకు రాలేదు. సోమవారం నుంచి కొత్త డబ్బా ముందు వీళ్లకే తెరుస్తాం, ఇది మాట.

2022లో మన దేశం థామస్ కప్ గెలిచింది గుర్తుందా? మన అమలాపురం సాత్విక్, మన శ్రీకాంత్ ఉన్న టీమ్. ఫైనల్లో ఇండోనేషియా మీద మూడు సున్నాతో మూడో మ్యాచ్‌కే అయిపోయింది, ప్రణయ్‌కి కోర్టులో దిగే పనే పడలేదు. కానీ అంతకుముందు మలేషియా మీద, డెన్మార్క్ మీద రెండు రెండు అయినప్పుడు ఆఖరి మ్యాచ్ గెలిచి టీమ్‌ని ఫైనల్‌కి తీసుకెళ్లింది అతనే. ఫైనల్లో గెలిచిన మ్యాచ్‌లలో ఆ పేరు కనబడదు. టీమ్ ఆట అంటే ఇదీ, మన బెంచీ మీద ఉన్న ఈ పిల్లలకి మేం చెప్పేది ఇదే.
#మనటీమ్ #బ్యాడ్మింటన్ #విజయనగరం

స్టోరీలు, ఒకదాని వెనక ఒకటి, ఒక్కో దానికి ఒక్క లైన్

చీపురుపల్లి అమ్మాయి ఫొటో: 9-17 నుంచి 16-17. ఈ పోరాటానికి మా అందరి సలాం.

గజపతినగరం, ఎస్.కోట జోడీ ఫొటో: గొంతులు పోయాయి, స్నేహం గట్టిపడింది. వచ్చే టోర్నీకి ఇప్పటినుంచే రెడీ.

కొత్తవలస అక్కాచెల్లెళ్ల ఫొటో: ఇంట్లో టీవీ రిమోట్ దగ్గర కొట్టుకుంటారట, కోర్టులో మాత్రం ఒకే మనిషి.

కోర్టు తుడిచే అన్న ఫొటో: మూడో గేమ్‌లో చెమట చుక్క పడ్డ ప్రతిసారీ పిలవకముందే తువ్వాలుతో వచ్చినవాడు. ఒక్క పిల్ల జారి పడలేదు. థాంక్స్ అన్నా.

వ్యాన్ డ్రైవర్ బాబాయ్ ఫొటో: పొద్దున్న ఐదున్నరకి మయూరి జంక్షన్ దగ్గర అందరినీ ఎక్కించుకుని, రాత్రి ఒక్కొక్కరినీ ఇంటి గుమ్మం దాకా దింపారు. థాంక్స్ బాబాయ్.

మొదటి పోస్టు కింద పిన్ చేయాల్సిన కామెంట్

కోచ్ ఎవరు, ఫీజు ఎంత, బెస్ట్ ప్లేయర్ ఎవరు అని చాలామంది అడుగుతున్నారు, ఒక్క చోటే చెప్తున్నాం. కోచింగ్ సార్‌ది, ఫిట్‌నెస్ మేడమ్‌ది, చిన్నపిల్లల బ్యాచ్‌కి మొదట రాకెట్ పట్టుకోవడం నేర్పింది మన సీనియర్లు. ఫైనల్లో ఆడినవాళ్లు ఏడుగురు, రిజర్వ్‌లు ఇద్దరు, ప్రాక్టీస్‌లో ఎదురు నిలబడ్డవాళ్లు మిగతా బ్యాచ్ మొత్తం. బెస్ట్ ప్లేయర్ అని ఒకరిని విడిగా చెప్పట్లేదు, మెడల్స్ ఎనిమిది ఇచ్చారు, మిగతావాళ్లకి అకాడమీ తరఫున మేమే చేయిస్తున్నాం. ఫొటోలు తీసింది నెల్లిమర్ల అమ్మాయి వాళ్ల అన్నయ్య. పిల్లల ఫొటోలు షేర్ చేసుకోండి గానీ పేర్లు, స్కూలు రాయొద్దు. ఫీజు వివరాలకి మెసేజ్ పెట్టండి. మనవాళ్లలో ఎవరినైనా మర్చిపోయామనిపిస్తే ఇక్కడే చెప్పండి, వెంటనే కలుపుతాం.