రాక్ డైజెషన్ గదిలో హెచ్‌ఎఫ్ సీసా ముట్టుకునే ముందు

గ్రానైట్ పొడిని కరిగించడానికి మనం 48 శాతం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతాం. సిలికాను కరిగించడానికి మామూలు యాసిడ్లు చాలవు. ఈ సీసాతో వచ్చిన సేఫ్టీ డేటా షీట్ ఫ్యూమ్‌హుడ్ పక్కన తగిలించి ఉంది. అందులో 16 సెక్షన్లుంటాయి. కొత్తగా చేరినవాళ్లు ముందుగా 2, 4, 7, 8, 10 చదవండి. చదివేముందు సీసా మీది పేరు, గాఢత షీటులోవాటితో సరిపోయాయో లేదో చూసుకోండి.

సెక్షన్ 2లో ఎర్ర అంచు డైమండ్లు రెండు కనిపిస్తాయి. చేతిని, లోహాన్ని తినేస్తున్న బొమ్మ తినివేసే గుణానికి గుర్తు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్ సీసా మీదా ఉంటుంది. తేడా అంతా రెండోదానిలో ఉంది: పుర్రె, ఎముకలు. దాని కింద H310 అని ఉంటుంది, చర్మానికి తగిలినా ప్రాణాంతకం అని దానర్థం. ఫ్లోరైడ్ చర్మం దాటి లోపలికి దిగి, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. గుండె లయ తప్పేది అందుకే. కాబట్టి కాలిన మచ్చ చిన్నదే కదా అని లెక్కచేయకుండా ఉండొద్దు.

పల్చటి ద్రావణం తగిలితే వెంటనే మంట పుట్టదు, నొప్పి గంటల తర్వాత మొదలవ్వొచ్చు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవడమే ఈ గదిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఆలోచన.

రోజూ వాడే పల్చటి నైట్రైల్ గ్లవ్స్ ఒక్కటే చాలదు. వాటి మీద మందపాటి నియోప్రిన్ గ్లవ్స్, గాగుల్స్, ఫేస్ షీల్డ్, యాప్రాన్ వేసుకుని, ఫ్యూమ్‌హుడ్‌లోనే పోయండి. ఒంటరిగా పని మొదలుపెట్టకండి. గాజు బీకరు వద్దు, గాజును ఈ యాసిడ్ తినేస్తుంది, టెఫ్లాన్ పాత్రలే వాడండి. ఒలికితే ఇసుక చల్లకండి, ఇసుకా సిలికాయే, విషవాయువు వస్తుంది. కాల్షియం కార్బొనేట్ డబ్బా సింకు కిందే ఉంది.

ఒంటి మీద పడితే ఆ క్షణమే షవర్ కింద నిలబడి, నీళ్లు పడుతుండగానే బట్టలు, గ్లవ్స్ తీసేయండి. పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. 5 నిమిషాలు కడిగి, 2.5 శాతం కాల్షియం గ్లూకొనేట్ జెల్ రుద్దుతూ ఉండండి, ఆస్పత్రికి చేరేదాకా ఆపొద్దు. రుద్దేవాళ్లకూ గ్లవ్స్ ఉండాలి. జెల్ దొరక్కపోతే కడుగుతూనే ఉండండి. కంట్లో పడితే జెల్ పెట్టకూడదు, ఐవాష్ దగ్గర రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాలు కడగాలి. పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. ఆవిరి పీలిస్తే బయటి గాలిలోకి తీసుకెళ్లండి, దగ్గు తగ్గినా ఆస్పత్రికి పంపండి.

అంబులెన్సులో వెళ్లే మనిషి చేతికి షీటు కాపీ, జెల్ ట్యూబు ఇవ్వండి. డాక్టరుతో “యాసిడ్ పడింది” అని ఊరుకోకుండా “హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, 48 శాతం” అని చెప్పాలి. ఎంతసేపైంది, ఎంత మేర పడింది అన్నదీ చెప్పండి. జెల్ గడువు తేదీని ప్రతి సోమవారం పని మొదలయ్యేలోగా చూడండి. గడువు దాటిన ట్యూబు ఉంటే ఆ రోజు హెచ్‌ఎఫ్ సీసా తెరవకూడదు.