చీటీలో పారాసిటమాల్ సిరప్ మోతాదు గురించి

పిల్లల డాక్టర్ గారికి నమస్కారం.

ఈ ఉదయం మీరు చూసిన 9 నెలల పాప (ఓపీ నంబరు 47) చీటీలో పారాసిటమాల్ సిరప్ 5 ఎంఎల్ అని ఉంది. స్ట్రెంగ్త్ రాయలేదు. నా దగ్గర 5 ఎంఎల్‌కు 120 ఎంజీది, 250 ఎంజీది రెండూ ఉన్నాయి. బరువు గడి ఖాళీగా ఉంది. పోయిన వారం టీకా వేయించినప్పుడు 8 కిలోలు తూగిందని తల్లి చెబుతోంది. ఆ లెక్కన 120 అయితే కిలోకు 15 ఎంజీ, సరిపోతుంది. 250 అయితే 31 దాటుతుంది. మీ ఉద్దేశం 120 అనే అనుకుంటున్నాను, కానీ పసిపిల్ల విషయంలో ఊహించి ఇవ్వలేను.

పక్కన రాసింది టీడీఎస్సో ఎస్ఓఎస్సో కూడా తెలియడం లేదు, కాగితం సరిగ్గా అక్కడే మడత పడింది. రోజుకు మూడుసార్లా, జ్వరం ఉంటేనా? జ్వరానికే అయితే ఎన్ని గంటల ఎడం, రోజుకు గరిష్ఠంగా ఎన్నిసార్లు?

ఓఆర్ఎస్ ఇచ్చాను, సిరప్ ఆపాను. ఇంట్లో పెద్దబాబుకు వాడిన 250 సీసా ఉందట, అది వేయొద్దని చెప్పాను. తల్లి షాపులోనే కూర్చుంది. చీటీ ఈ కుర్రాడితోనే పంపుతున్నాను, దాని మీదే బరువుతో సహా సరిదిద్ది సంతకం చేసి పంపగలరు.

ఇట్లు,
ఫార్మసిస్టు,
క్లినిక్ ఎదురు మందుల షాపు