విషయం: సవరించిన పరిశోధన వ్యాస సమర్పణకు అక్టోబర్ 31 వరకు గడువు కోరుతూ

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. నిల్వ ఉష్ణోగ్రతను బట్టి వేరుశనగ విత్తనాల మొలక శాతం ఎలా మారుతుందో వివరించే మా వ్యాసంపై (సంఖ్య 2417) సమీక్షకుల అభిప్రాయాలను పంపినందుకు కృతజ్ఞతలు. సవరణ ప్రతిని సెప్టెంబర్ 30లోగా పంపాలని సూచించారు. ఆ గడువును అక్టోబర్ 31 వరకు పొడిగించవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమీక్షకుల సూచనలన్నిటికీ సవరణలు పూర్తయ్యాయి. రెండో సమీక్షకులు మాత్రం, విత్తనాల తొలి తేమ శాతం ఒకేలా లేనప్పుడు ఫలితాల్లోని తేడాను ఉష్ణోగ్రతకే ఆపాదించడం ఎంతవరకు సబబని ప్రశ్నించారు. ఇది వ్యాసం మూలాన్ని తాకే ప్రశ్న. దీనికి చర్చా భాగంలో ఒక వాక్యం చేర్చి సరిపెట్టడం న్యాయం కాదని సహ రచయితలందరం భావించి, తేమను సమం చేసిన విత్తనాలతో పరీక్షను మళ్లీ చేయాలని నిర్ణయించాం. మొలకల తుది లెక్కింపుకు ఒక్కో విడతకు 10 రోజులు పడుతుంది, రెండు విడతలు ఒకదాని తర్వాత ఒకటి జరగాలి, ఉష్ణోగ్రత నియంత్రిత గది మాకు సెప్టెంబర్ 25 నుంచి మాత్రమే అందుబాటులోకి వస్తుంది. మిగిలిన రోజులు గణాంక విశ్లేషణకు, మూడో పట్టికను తిరగరాయడానికి అవసరం.

మీరు కోరితే ఇప్పటికే సిద్ధమైన సవరణలను, సమీక్షకులకు రాసిన సమాధానాలను ముందుగా పంపగలను. పొడిగింపు వీలుకాని పక్షంలో, దీన్ని కొత్త వ్యాసంగా తిరిగి సమర్పించవచ్చునేమో దయచేసి తెలియజేయగలరు.

భవదీయురాలు,
సంప్రదింపు రచయిత్రి, సహ రచయితల తరఫున