అమలాపురం ఆఫీసు వెబ్‌సైటు ఎలా ఉండాలంటే

తమ్ముడూ, ఇళ్ళూ భూములూ వెతుక్కునే ఈ వెబ్‌సైటు ఫిల్టర్లలో ముందు ఆస్తి రకం రావాలి: ఇల్లు, ఇంటి స్థలం, కొబ్బరి తోట, వరి చేను, చేపల చెరువు. ఇంటి స్థలాన్ని కొందరు గజాల్లో అడుగుతారు, కొందరు సెంట్లలో, కాబట్టి ఏది కొట్టినా రెండోది పక్కనే కనపడాలి (సెంటుకి 48.4 గజాలు, లోపల మాత్రం ఒకే కొలతలో దాచు). మ్యాప్‌లో గుర్తు తోట మధ్యలో కాదు, దారి మొదలయ్యే చోట పెట్టాలి. పోయిన నెల ఒక పెద్దాయన ఎండలో కాలవ అవతలి గట్టున ఆగిపోయి, వంతెన కోసం మూడు కిలోమీటర్లు తిరిగొచ్చారు, నాకు చాలా బాధేసింది. సేవ్ చేసిన సెర్చ్‌లకు రోజుకు ఒక్క మెసేజ్ చాలు. ఎంక్వైరీ మాత్రం వెంటనే ఆ ఊరు చూసే కుర్రాడికి వెళ్ళాలి, పావుగంటలో అతను ఫోన్ చెయ్యకపోతే నాకు రావాలి.