చిన్నోడి టీకాల లెక్క, పుట్టిన తేదీ నుంచి

స్వాతీ, ఇది ప్రింట్ తీసి మీ తల్లీబిడ్డల తాయి కార్డులో పెట్టుకో. రెండు తేదీలు పైన పెద్దక్షరాలతో రాసుకో. పుట్టింది 2025 సెప్టెంబర్ 10, 34 వారాలకి, 2.1 కిలోలు. డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ అక్టోబర్ 22. టీకాలకి మొదటి తేదీ ఒక్కటే లెక్క. మెడ నిలపడం, బోర్లా పడటం, నవ్వడం, బరువు చార్టు, వీటన్నిటికీ రెండో తేదీ నుంచి చూస్తారు, రెండేళ్లు వచ్చేదాకా. ఈ రెండూ కలిపేసుకునే చాలామంది పిల్లలకి టీకాలు ఆలస్యం చేస్తారు.

అమ్మ నెల్లూరు నుంచి ఫోన్ చేసి, అక్టోబర్‌లో "వాడు లెక్క ప్రకారం ఇప్పుడే పుట్టినట్టు, అప్పుడే మూడు సూదులా" అంటుంది, నాకు తెలుసు. నిజమే, వాడికి ఆరు వారాలు నిండే రోజు సరిగ్గా డెలివరీ తేదీనే. కానీ తల్లి నుంచి బిడ్డకి వెళ్లే రక్షణ ఎక్కువగా ఆఖరి వారాల్లోనే వెళ్తుంది, మనవాడికి ఆ వారాలు దొరకలేదు, అందుకే కోరింత దగ్గులాంటివి ఇలాంటి పిల్లలకే ఎక్కువ ప్రమాదం. చిన్నగా ఉన్నాడని సగం డోసు వేయమని అడగొద్దు, అందరు పిల్లలకీ వేసే డోసే వాడికీ.

అయిపోయినవి: పుట్టిన రోజే హెపటైటిస్ బి. సెప్టెంబర్ 22న డిశ్చార్జ్ రోజు బీసీజీ, మొదటి పోలియో చుక్కలు. (2 కిలోల లోపు ఉండి ఉంటే, నీ హెపటైటిస్ బి పరీక్ష నెగటివ్ కాబట్టి ఆ టీకాని నెల నిండేదాకానో డిశ్చార్జ్ దాకానో ఆపేవాళ్లు.) బీసీజీ వేసిన ఎడమ భుజం మీద కొన్ని వారాలకి గుల్ల లేచి చీము పడుతుంది, పిండొద్దు, మందు రాయొద్దు, అదే మానుతుంది.

అక్టోబర్ 23, గురువారం, 6 వారాలు. 22న బలిపాడ్యమి సెలవు కాబట్టి మర్నాడు. కోరింత దగ్గుతో కలిపి ఐదు జబ్బులకి వేసే పెంటావాలెంట్ ఎడమ తొడకి, న్యుమోనియా టీకా పీసీవీ కుడి తొడకి, పోలియో సూది ఎఫ్ఐపీవీ కుడి భుజానికి, నోట్లో పోలియో చుక్కలు, విరేచనాల జబ్బుకి రోటా చుక్కలు. అన్నీ ఒకేరోజు, విడగొట్టొద్దు. రోటా మొదటి డోసు బాగా లేటు చేయకూడదు, 15 వారాల లోపే మొదలవ్వాలని పిల్లల డాక్టర్లు అంటారు.

నవంబర్ 20, 10 వారాలు: పెంటా, పోలియో, రోటా. సూది ఒక్కటే.

డిసెంబర్ 18, 14 వారాలు: పెంటా మూడోది, పీసీవీ రెండోది, ఎఫ్ఐపీవీ రెండోది, పోలియో, రోటా.

2026 మార్చి 12, 6 నెలలు: ఫ్లూ టీకా, ఏప్రిల్ 9న రెండో డోసు. ఇది ప్రభుత్వ జాబితాలో లేదు, పిల్లల డాక్టర్ దగ్గరే డబ్బు కట్టి వేయించాలి, కానీ నా మాట విని వేయించు. ఆలోపు మరిదిగారూ, మనింట్లో వచ్చిపోయేవాళ్లూ వేయించుకుంటే ఇంకా మంచిది.

జూన్ 11, 9 నెలలు: తట్టు, రుబెల్లాలకి వేసే ఎంఆర్ మొదటిది, పీసీవీ బూస్టర్, ఎఫ్ఐపీవీ మూడోది, విటమిన్ ఎ.

16 నెలలు నిండేసరికి 2027 సంక్రాంతి దగ్గర పడుతుంది, ఊరికెళ్తారు కదా, కంగారు లేదు, తిరిగొచ్చాక జనవరి 21న వెళ్లండి: ఎంఆర్ రెండోది, డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్, విటమిన్ ఎ రెండోది. మళ్లీ డీపీటీ ఐదేళ్లు నిండాకే.

ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చోండి. పాలు పట్టొచ్చు, సూది వేసేటప్పుడు పట్టినా మంచిదే, ఏడుపు తగ్గుతుంది. పెంటా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ గట్టిపడటం మామూలే, పారాసెటమాల్ మాత్రం డాక్టర్ ఆ రోజు బరువు చూసి రాసినంతే, పోయినసారి చీటీ చూసి పోయొద్దు. నెలలు నిండకుండా పుట్టాడు కాబట్టి మొదటి రెండు రోజులు రాత్రి వాడి ఊపిరి గమనిస్తూ ఉండండి. శ్వాస మధ్యలో ఆగినట్టున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు అస్సలు తాగకపోయినా ఫోన్లు పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లిపోండి.

మామూలు జలుబుకి టీకా ఆపరు. గట్టిగా జ్వరముంటే మాత్రం నాకో డాక్టర్‌కో ఫోన్ చేసి తేదీ మార్చుకో. ఒకవేళ ఏదైనా మిస్సయితే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటి నుంచి వేస్తారు, రెండు పెంటాల మధ్య నాలుగు వారాలు తగ్గకుండా చూసుకో చాలు. కార్డు మీద ప్రతి టీకా పక్కన తేదీ రాయించుకుని, అక్కడే ఫోటో తీసి నాకు పంపు.