పొందూరు ఖాదీ రీల్: ఎడిటింగ్ వివరాలు

తమ్ముడూ,

పొందూరులో తీసిన ఫుటేజీ మొత్తం డ్రైవ్‌లో పెట్టాను. రాట్నం, మగ్గం, షాపు అని మూడు ఫోల్డర్లున్నాయి. ముందు ఇది చదివి, తర్వాత టైమ్‌లైన్ తెరువు.

అక్టోబరు 2 నుంచి మన షాపులో ఖాదీ మీద 20 శాతం రిబేటు. దానికే ఈ రీల్. అయితే ధర చూసి వచ్చేవాళ్ల కంటే, ఈ పంచెకి అంత ధర ఎందుకో తెలిసి వచ్చేవాళ్లే నాకు ముఖ్యం. అందుకే రిబేటు సంగతి చివర్లో ఒక్కసారి కనబడితే చాలు. గాంధీగారి బొమ్మ, ఎగిరే జెండా వద్దు. ఆ రోజు ప్రతి దుకాణం అవే పెడుతుంది.

నిడివి 30 సెకన్లు, ఒక్క సెకను కూడా మించకూడదు. మొదటి 3 సెకన్లకి PND_0147 వాడు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్న షాట్ అది. చేతికీ ఎముకకీ మధ్య పత్తి పోగులు విడివడడం దగ్గరగా కనిపిస్తుంది. దాని మీద "ఇది చేప దవడ" అని మాత్రం వెయ్యి. చూసేవాడికి అదేంటో అర్థమయ్యేలోపు పత్తి ఏకడం, అరటి దవ్వలో దాచిన ఏకులు వచ్చేయాలి. అక్కడి నుంచి రాట్నానికి 9, 10 సెకన్లు ఇవ్వు. ప్రాణమంతా అక్కడే ఉంది. మగ్గం 6 సెకన్లు చాలు, మగ్గం షాట్లు జనం చాలా చూశారు. చివర్లో పంచె మడత, అంచు, తర్వాత షాపు.

రాట్నం షాట్లలో ముక్కలు ముక్కలుగా కట్ చెయ్యకు. పోగు సాగి, సాగి, కదురుకి చుట్టుకునేదాకా ఒకే షాట్ ఉంచు. బీట్‌కి కట్లు, జూమ్ ట్రాన్సిషన్లు, స్పీడ్ ర్యాంపులు నువ్వు బాగా చేస్తావు, పోయిన నెల స్వీట్ షాపు రీల్‌లో చూశాను. ఇక్కడ మాత్రం అవేవీ వద్దు.

రంగు విషయంలో పట్టుదలగా ఉంటాను. ఈ బట్ట పాలతెలుపు కాదు, కాస్త గోధుమ ఛాయ ఉంటుంది. దాన్ని తెల్లగా చేస్తే కొన్నవాళ్లు రేపు ఇంటికెళ్లి మనల్నే అడుగుతారు. రెడీమేడ్ లట్ వెయ్యకు, వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే చాలు. ముఖాల మీద స్మూతింగ్ కూడా వద్దు. రాట్నం ఫోల్డర్లో పెద్దావిడ పైట సర్దుకుంటున్న క్లిప్ ఒకటుంది, అది ఎక్కడా వాడకు.

సౌండ్: రాట్నం కిర్రుమనే శబ్దం, మగ్గం దెబ్బ, ఇవే ముందుండాలి. వెనక తక్కువ వాల్యూమ్‌లో ఒక్క వాయిద్యం చాలు. సినిమా పాట వద్దు, మనది బిజినెస్ అకౌంట్, హక్కుల గొడవతో రీల్ మ్యూట్ అయితే పండగ పూట మళ్లీ టెన్షన్. లైసెన్స్ ఉన్న ట్రాక్ తీసుకుని ఆ లైసెన్స్ కాపీ నాకు పంపు. మాట ఒక్కటే ఉంటుంది, పెద్దావిడ అన్నది: "ఏటి సూస్తన్నావు? మాటల్లో పడితే దారం తెగిపోద్ది." సబ్‌టైటిల్ కూడా అలాగే వెయ్యి, దిద్దకు.

టెక్స్ట్ మండలి ఫాంట్‌లో, ముదురు గోధుమ రంగులో, నీడలూ మెరుపులూ లేకుండా. ఒకసారికి నాలుగైదు మాటలు మించొద్దు. అక్షరాలు ఎగరకూడదు, మెల్లగా వచ్చి మెల్లగా పోవాలి. కింద క్యాప్షన్, కుడి పక్క లైక్ బటన్లు వచ్చే చోట ఏమీ రాయకు. ప్రీమియర్‌లో తెలుగు ఒత్తులు విడిపోతుంటాయి కదా, సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ పెట్టుకో. ఎక్స్‌పోర్ట్ అయ్యాక "శ్రీకాకుళం", "జంక్షన్" అన్న మాటల్ని ఫోన్‌లో పెద్దది చేసి చూడు. చివరి కార్డు మీద: "పొందూరు ఖాదీ. 20 శాతం రిబేటు. అక్టోబరు 2 నుంచి. ఏడు రోడ్ల జంక్షన్, శ్రీకాకుళం." లోగో షాపు ఫోల్డర్లో ఉంది.

నాకు రావాల్సినవి: 1080x1920, ఎంపీ4లో 30 సెకన్ల రీల్. అదే రీల్ టెక్స్ట్ లేకుండా ఇంకో కాపీ, సంక్రాంతికి మాటలు మార్చి వాడుకుంటాను. వాట్సాప్ స్టేటస్‌కి 15 సెకన్ల కట్, అందులో దవడ, రాట్నం, చివరి కార్డు ఉంటే సరి. కవర్ ఫొటో ఒకటి, మాటలు మధ్యలో ఉండాలి, ప్రొఫైల్ గ్రిడ్‌లో అంచులు తెగిపోతాయి. ప్రాజెక్ట్ ఫైలు కూడా కావాలి. ఫైళ్ల పేర్లు ఇలా పెట్టు: khadi_30_text, khadi_30_clean, khadi_15_status, khadi_cover.

మొదటి కట్ సెప్టెంబరు 20కి, ఫైనల్ 27కి. మార్పులు రెండుసార్లు అడుగుతాను, మూడోసారి అడిగితే దానికి వేరే తీసుకో. మొత్తం 7,000, సగం ఈరోజే వేస్తున్నాను. నీ పేజీలో పెట్టుకోవచ్చు, కాకపోతే మేం పోస్ట్ చేశాకే. సందేహం ఉంటే రాత్రి 8 దాటాక ఫోన్ చెయ్యి, పగలు కౌంటర్ దగ్గర ఉంటే ఎత్తలేను.