అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగం: మీ ఇంటర్వ్యూకు మరో సమయం

గుంటూరు,
నవంబరు 13, 2025, గురువారం.

విషయం: నవంబరు 12న జరగవలసిన మీ ఇంటర్వ్యూకు బదులుగా కొత్త సమయం కేటాయింపు.

శ్రావణి గారికి,

నమస్కారం.

మా కోల్డ్ స్టోరేజిలో అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగానికి మీరు పెట్టుకున్న దరఖాస్తు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నిన్న, అంటే 12వ తేదీ బుధవారం ఉదయం పదకొండు గంటలకు బ్రాడీపేట ఆఫీసులో మీ ఇంటర్వ్యూ జరగవలసి ఉండగా జరగలేదు. ఆ సమయానికి మీ దగ్గర నుంచి కబురు అందలేదు, మేం చేసిన ఫోను మోగి ఆగిపోయింది. మీ దరఖాస్తును మేం పక్కన పెట్టలేదనీ, మీ కోసం వచ్చే వారం మరొక సమయం కేటాయించామనీ, మీకు ఈ ఉద్యోగం మీద ఇప్పటికీ ఆసక్తి ఉంటే తప్పక రావలసిందనీ తెలియజేయడానికే ఈ ఉత్తరం.

నిన్న ఎందుకు రాలేకపోయారో మీరు వివరించనవసరం లేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోవచ్చు, ప్రయాణం కుదరకపోవచ్చు, అసలు మేం పంపిన మెసేజే మీ కంట పడకపోయి ఉండవచ్చు. మా రిజిస్టరులో మీ పేరు ఎదుట ‘వాయిదా’ అని రాశాం తప్ప ‘గైర్హాజరు’ అని రాయలేదు. ఇంటర్వ్యూ చేసే ముగ్గురి దగ్గర ఉన్న కాగితాల్లోనూ అదే మాట ఉంది కాబట్టి ఆ విషయం మీద మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. అయితే అదే ఇబ్బంది వచ్చే వారం కూడా ఉండేటట్టయితే మాత్రం ముందుగా ఒక్క మాట చెప్పండి. దాన్నిబట్టి వీలైనంత వరకు సమయం సర్దుతాం.

మళ్లీ పిలవడానికి కారణం మీ రాతపరీక్ష పేపరు. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు. అందులో అమ్మకం బిల్లు తయారు చేయమని ఒక ప్రశ్న ఇచ్చాం. 120 టిక్కీల తేజ మిరప, మొత్తం తూకం 5,160 కిలోలు, టిక్కీకి కిలో చొప్పున గోనె తరుగు, క్వింటాలు ధర 14,000 రూపాయలు. తరుగు పోను 50.40 క్వింటాళ్లనీ, సరుకు విలువ 7,05,600 రూపాయలనీ లెక్క కట్టడం చాలామందికి వచ్చింది. ప్రశ్న కింద నమూనాగా అచ్చువేసిన బిల్లులో పన్నును సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని రెండు గడులుగా విడదీసి ఉంచాం. ఎక్కువమంది ఆ గడులనే నింపుకుంటూ పోయారు. మీరు మాత్రం కొనుగోలుదారు చిరునామా కర్ణాటకలోని బ్యాడగి అని గమనించి, ఆ రెండు గడులనూ కొట్టివేసి, అయిదు శాతం ఐజీఎస్టీ కింద 35,280 రూపాయలు వేసి, మొత్తం 7,40,880 రూపాయలుగా చూపించారు. పక్కన పెన్సిలుతో ‘సరుకు విలువ యాభై వేలు దాటింది, ఈ-వే బిల్లు లేకుండా లారీ కదలకూడదు’ అని కూడా రాశారు. నమూనాను గుడ్డిగా నమ్మకుండా చిరునామా చూసి బిల్లు రాసే మనిషి మాకు కావాలి. ఈ ఊళ్లో సరుకు రాష్ట్రం దాటి పోని రోజంటూ ఉండదు మరి.

ఇక కొత్త సమయం సంగతి. నవంబరు 19వ తేదీ బుధవారం ఉదయం పదిన్నర గంటల సమయాన్ని మీ పేరు మీద ఉంచాం. ఆ పూట వీలు కాదనుకుంటే మర్నాడు, 20వ తేదీ గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు రావచ్చు. ఈ రెండింటిలో మీకు ఏది అనుకూలమో 17వ తేదీ సోమవారం సాయంత్రం అయిదు గంటల లోపల ఈ మెయిల్‌కే జవాబుగా ఒక వాక్యం రాస్తే చాలు, లేదా ఇంతకుముందు మీకు మెసేజ్ వచ్చిన ఆఫీసు వాట్సాప్ నంబరుకు తెలియజేసినా సరిపోతుంది. ఆ సోమవారం కార్తీకమాసంలో ఆఖరి సోమవారం కాబట్టి చాలా ఇళ్లలో ఉపవాసాలూ గుడి ప్రయాణాలూ ఉంటాయని ఆ రోజు ఇంటర్వ్యూలు పెట్టలేదు, జవాబు మాత్రమే అడుగుతున్నాం. మీ తరఫున ఇంట్లో వాళ్లు ఫోను చేసి చెప్పినా మాకు అభ్యంతరం లేదు. కానీ సమయం ఏదన్నది మీరే చూసుకుని ఖరారు చేయండి.

ఇది కాకుండా మరోసారి సమయం ఇవ్వడం మాకు సాధ్యపడదని ఇప్పుడే చెప్పడం న్యాయం. దానికి కారణం మీరు కాదు, పంట. జనవరి ఆఖరు నుంచి కొత్త మిరప రావడం మొదలవుతుంది, ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డులో సరుకు పోటెత్తుతుంది. ఆ రోజుల్లో మా గేటు దగ్గర వరసగా నిలబడిన ట్రాక్టర్లకూ లారీలకూ రశీదులు రాసే మనిషికి కొత్తగా పని నేర్పడానికి ఎవరికీ తీరిక ఉండదు. అందువల్ల ఎంపికైనవారు డిసెంబరు 15 నాటికి చేరి, సంక్రాంతి లోపల పని చేతిలోకి తెచ్చుకోవాలన్నది మా ఉద్దేశం. ఈ నెల 22వ తేదీన ఎంపిక ముగిస్తాం. 20వ తేదీ సాయంత్రం వరకు మాత్రం మీ స్థానం మీదే, అంతవరకు దాన్ని మరొకరికి కేటాయించం.

ఆఫీసు బ్రాడీపేట 4వ లైను, 13వ అడ్డరోడ్డు మూల మీద ఉంది. బ్రాడీపేటలో చిరునామాకు లైను, అడ్డరోడ్డు రెండూ కావాలి కాబట్టి ఆటో అతనికి రెండు అంకెలూ చెప్పండి. ఒక్కటే చెబితే ఊరికే తిప్పుతాడు. తెనాలి నుంచి మీరు బస్సులో వచ్చేటట్టయితే బస్టాండు నుంచి ఇక్కడికి రైలు పట్టాలు దాటి రావాలి. శంకర్ విలాస్ పైవంతెన పనులు జరుగుతున్నందువల్ల ఆటోలు కంకరగుంట మీదుగానో, మూడు వంతెనల కింద నుంచో చుట్టి వస్తున్నాయి. మామూలుగా పట్టే సమయానికి మరో అరగంట కలుపుకుని బయలుదేరండి. అయినా ఆలస్యమైతే దారిలో నుంచే ఒక మెసేజ్ పెట్టండి, పావుగంట, ఇరవై నిమిషాలు ఆగడం మాకు కష్టం కాదు. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్టు లేదు గానీ, ఆటోకు అయ్యే ఖర్చు ఉంటుంది కదా, అది ఆఫీసులో ఇచ్చేస్తారు. అడగడానికి మొహమాటపడవద్దు. ఎవరినైనా తోడు తెచ్చుకున్నా కింద గదిలో కూర్చోవడానికి వీలుంది.

గుంటూరు రావడం ఏ విధంగానూ కుదరకపోతే అదే సమయానికి వీడియో కాల్‌లో మాట్లాడవచ్చు. కాకపోతే టాలీలో చేయించే చిన్న పని వీడియోలో సాగదు కాబట్టి, మాటల వరకు అలా ముగించి, ఆ పనికి మాత్రం ఎంపిక ముగిసేలోపు ఒక పూట రావలసి ఉంటుంది. నేరుగా వస్తే రెండూ ఒక్కసారే అయిపోతాయన్నది నా సలహా.

ఇంటర్వ్యూ ముప్పావు గంటకు మించదు. యజమాని గారు, నేను, గిడ్డంగి సూపర్‌వైజరు గారు ఉంటాం. మొదటి పావుగంట మీ చదువు, మీరు ఇంతకుముందు ఆడిటర్ గారి ఆఫీసులో చేసిన పని గురించి మాట్లాడుకుంటాం. తరువాత టాలీలో ఒక కొనుగోలు, ఒక అమ్మకం నమోదు చేయమంటాం. చివర మా పనికి సంబంధించిన ఒకటి రెండు సందర్భాలు చెప్పి మీరైతే ఏం చేస్తారని అడుగుతాం. ఉదాహరణకు, ఒక రైతు తన బస్తాలు బయటికి తీసుకోవడానికి బాండు పట్టుకుని వచ్చాడు, అద్దె మొత్తం చెల్లించాడు, కానీ ఆ సరుకు మీద బ్యాంకు అప్పు ఉంది. అద్దె కట్టాడు గదా అని గేటు పాసు రాయవచ్చునా, లేక బ్యాంకు నుంచి విడుదల పత్రం వచ్చేదాకా ఆగాలా, ఆగమన్న మాట ఆ రైతుకు ఎలా చెప్పాలి? మొదటి రెండింటికీ జవాబు పుస్తకాల్లో దొరుకుతుంది. మూడోది మీరు ఎలా చెబుతారో వినాలని మా సూపర్‌వైజరు గారి కోరిక, ఎందుకంటే ఎండలో వచ్చి నిలబడిన రైతుకు సమాధానం చెప్పుకోవలసింది ఆయనే. దీనికి ప్రత్యేకంగా చదువుకుని రావలసిన అవసరం లేదు. ప్రశ్న ముందే చెబుతున్నానని మీరు అనుకోవచ్చు, నిన్న వచ్చిన వారికి కూడా ఇలాగే ముందుగా తెలియజేశాం.

డిగ్రీ మార్కుల జాబితాల అసలు ప్రతులు, ఆధార్ కార్డు తెచ్చుకోండి. ఆడిటర్ గారి ఆఫీసు నుంచి అనుభవ పత్రం ఇంకా చేతికి రాకపోతే దాని కోసం ప్రయాణం ఆపుకోవద్దు, తరువాత ఇవ్వవచ్చు. ప్రకటనలో రాసిన జీతం, అంటే మొదటి మూడు నెలలు 18,000, ఆ తరువాత 22,000 రూపాయలు, అలాగే ఉంది. సమయం మారినందువల్ల షరతుల్లో ఏదీ మారలేదు.

ఒకవేళ ఈలోగా మీకు వేరే ఉద్యోగం దొరికి ఉన్నా, చదువు కొనసాగించాలని అనుకుంటున్నా, లేక ఈ పని మీకు సరిపడదని తోచినా, ‘రాలేను’ అని ఒక్క మాట రాయండి. కారణం అడగం, నొచ్చుకోం. ఆ సమయాన్ని వరసలో ఉన్న మరొకరికి ఇవ్వడానికి వీలవుతుంది, ముందు ముందు మీరు మళ్లీ దరఖాస్తు చేసుకోవడానికి అది అడ్డం కాదు. 17వ తేదీ సాయంత్రానికి జవాబు రాకపోతే ఆ రోజే మరొకసారి ఫోను చేస్తాం. అప్పటికీ మాట కలవకపోయినా 19వ తేదీ పదిన్నరకు మీ కోసం కుర్చీ వేసే ఉంటుంది కాబట్టి, జవాబు రాయడం కుదరలేదన్న కారణంతో రావడం మానుకోవద్దు.

భవదీయుడు,
మేనేజరు, అకౌంట్స్ మరియు సిబ్బంది విభాగం,
బ్రాడీపేట, గుంటూరు.

తా.క. రాతపరీక్ష రోజున మీరు మా బల్ల మీద మరిచిపోయిన క్యాలిక్యులేటరు మా దగ్గర భద్రంగా ఉంది. మీరు ఇంటర్వ్యూకు రాకపోయినా సరే, తెనాలి వైపు వెళ్లే మా మనిషి చేత పంపిస్తాం, ఎక్కడ ఇవ్వమంటారో చెప్పండి.